ఇన్‌పుట్ సున్నా, అవుట్‌పుట్ పరుగు

741 ఆప్-యాంప్‌తో ఇంటిగ్రేటర్ కట్టాం: ఇన్‌పుట్‌లో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, ఫీడ్‌బ్యాక్‌లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపినా అవుట్‌పుట్ మెల్లగా జరిగి, కొన్ని సెకన్లలో సప్లై వోల్టేజి దగ్గర ఆగిపోతుంది. ఐసీ పాడైందనుకుని చాలామంది మార్చేస్తారు. అసలు కారణం ఆఫ్‌సెట్ వోల్టేజి. అది 2 మిల్లీవోల్ట్‌లే ఉన్నా, ఈ విలువలతో అవుట్‌పుట్ సెకనుకు 2 వోల్ట్‌ల చొప్పున కదులుతుంది. కెపాసిటర్‌లో చేరిన ఛార్జికి బయటపడే దారి లేదు మరి.

కెపాసిటర్‌కు సమాంతరంగా 1 మెగాఓమ్ రెసిస్టర్ పెడితే ఆ దారి దొరుకుతుంది. ఆఫ్‌సెట్ 101 రెట్లే పెరిగి, సుమారు 0.2 వోల్ట్ దగ్గర నిలుస్తుంది. దీనికి మూల్యం ఉంది: 1.6 హెర్ట్జ్‌కు దిగువన అది ఇంటిగ్రేటర్‌గా పనిచేయదు. కచ్చితత్వం కావాలంటే సిగ్నల్ 16 హెర్ట్జ్ పైన ఉండాలి.

డిఫరెన్షియేటర్‌ది తిరగేసిన కథ. ఫ్రీక్వెన్సీతోపాటు గెయిన్ పెరుగుతుంది కాబట్టి సన్నని నాయిస్ కూడా ముళ్లలా లేస్తుంది. ఒక్కోసారి సర్క్యూటే ఆసిలేట్ అవుతుంది. ఇన్‌పుట్‌లోని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు వరుసలో 1 కిలోఓమ్ పెడితే, 10 కిలోఓమ్‌ల ఫీడ్‌బ్యాక్‌తో గెయిన్ 10 దాటదు. 1.6 కిలోహెర్ట్జ్ పైన మాత్రం డిఫరెన్షియేషన్ ఆశించకూడదు.