గుండె ఆగిపోతుందేమో అనిపించే ఆ పది నిమిషాలు

2017 నవంబరు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఆతిథ్య జట్టు ఆటగాడు కెవిన్ లవ్‌కు అప్పటికి 29 ఏళ్లు. సగం ఆట అయ్యాక విరామంలో కూర్చున్నాడో లేదో, గుండె దడదడలాడడం మొదలైంది. నోరు పిడచకట్టుకుపోయింది. కళ్లు తిరుగుతున్నాయి. కోచ్ ఏదో అరిచి చెబుతున్నా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మైదానం వదిలి లోపలికి పరుగెత్తి, ఏదో పోగొట్టుకున్నవాడిలా గదిగదీ తిరిగి, చివరికి నేల మీద వెల్లకిలా పడి గాలి కోసం తంటాలు పడ్డాడు. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశారు. ఏ లోపమూ కనిపించలేదు. అది పానిక్ అటాక్ అని నాలుగు నెలల తర్వాత ఆయనే వ్యాసం రాసి చెప్పాడు.

పరీక్షల్లో ఏమీ తేలలేదంటే ఆ బాధ నటన అని కాదు. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది, చెమట నిజంగానే పడుతుంది. ఎదురుగా పులి ఉంటే శరీరం ఏం చేస్తుందో, పులి లేకుండానే అదంతా చేసేస్తుంది. అడ్రినలిన్ ఒక్కసారిగా రక్తంలోకి దూకుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే ఈ ఉద్ధృతి పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. నీరసం మాత్రం గంటల తరబడి వదలకపోవచ్చు.

అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టేది ఊపిరి. గాలి చాలడం లేదనిపించి మనిషి గబగబా పీలుస్తాడు. నిజానికి ఆ సమయంలో ఒంట్లో ఆక్సిజన్‌కు కొదవ ఉండదు. తగ్గిపోయేది కార్బన్ డయాక్సైడ్. అది మరీ తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త సన్నబడి తల తేలిపోతుంది, చుట్టూ ఉన్నదంతా కలలోలా దూరంగా కనిపిస్తుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, కాల్షియం పనితీరు మారి, పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు పుడతాయి. విడవాల్సిన గాలి విడవకుండా మళ్లీ పీల్చడంతో ఛాతీ బిగుసుకుంటుంది. దాంతో గాలి అందడం లేదన్న భావన ఇంకా పెరిగి, మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు.

బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ఈ సుడిగుండాన్నే వివరించాడు. దడ రాగానే ‘ఇది గుండెపోటే’ అనుకోవడం, తల తిరగ్గానే ‘పడిపోతున్నాను’ అనుకోవడం, ఆ ఆలోచనకే దడ మరింత పెరగడం. తిరుగుతున్నది ఇదే చక్రం. పానిక్‌లో రక్తపోటు సాధారణంగా పెరుగుతుంది కాబట్టి స్పృహ తప్పడం అరుదన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తురాదు.

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ఇలా మొదలైందనుకుందాం. ముందుగా దానికి పేరు పెట్టాలి: ‘ఇది పానిక్, కాసేపట్లో తగ్గుతుంది.’ రెండు పాదాలూ బస్సు నేల మీద గట్టిగా ఆనించాలి. పీల్చడం మీద కన్నా విడవడం మీద దృష్టి పెట్టాలి. ముక్కుతో మామూలుగా పీల్చి, వేడి టీ ఊదినట్టు నోటితో నెమ్మదిగా, ఇంకాస్త ఎక్కువసేపు వదలాలి. తర్వాత కళ్లను పనిలో పెట్టాలి. కిటికీ పక్కన ఊడిన రబ్బరు, ముందు సీటు మీద గీసిన పేర్లు, ఎవరి ఒళ్లోనో కూరగాయల సంచి... ఇలా ఐదింటిని చూసి మనసులో పేర్లు చెప్పుకోవాలి. చేతికి తగిలేవి నాలుగు. చల్లని కడ్డీని పట్టుకుని ఆ చలువను గమనించాలి. వినిపించేవి మూడు, కండక్టర్ టికెట్ మిషన్ చప్పుడుతో సహా. వాసనలు రెండు, నాలుక మీద రుచి ఒకటి. లెక్క తప్పినా ఫర్వాలేదు. గుండెకు కాపలా కాస్తున్న మనసును బయటికి తిప్పడమే ఇక్కడ పని. దడ వెంటనే ఆగకపోవచ్చు, కానీ దానికి ఆజ్యం పోయడం ఆగుతుంది.

కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా మాత్రం వద్దు. అది నిజంగా గుండె జబ్బో ఆస్తమానో అయితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో ప్రమాదం మన ఇళ్లలోనే ఉంది. ఛాతీలో నొప్పి అనగానే ‘గ్యాస్ పట్టేసి ఉంటుందిలే’ అని సోడా తాగించేస్తాం. తొలిసారి వచ్చినప్పుడు అది పానికో గుండెపోటో ఇంట్లో తేల్చలేం. ముఖ్యంగా నొప్పి చేతికో దవడకో పాకినా, నడిస్తే పెరిగినా, ఎంతకీ తగ్గకపోయినా 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోవాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది కాబట్టి దాన్నీ డాక్టర్లు పరీక్షిస్తారు.

మళ్లీ వస్తుందేమోనన్న బెంగతో బస్సెక్కడం, బజారుకెళ్లడం మానేస్తుంటే అది చికిత్స కావాల్సిన దశ. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో నిపుణులు ఒక్కోసారి కావాలనే కాసేపు గబగబా ఊపిరి పీల్చమంటారు, కుర్చీలో గిర్రున తిప్పుతారు. భయపెట్టిన ఆ తిమ్మిరి, ఆ కళ్లు తిరగడం గదిలోనే వచ్చి, ఏ కీడూ చేయకుండా పోవడం రోగి స్వయంగా చూస్తాడు. అవసరమైతే మందులూ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.