‘లీఫ్’లో ఒక లకారం, ‘ఫీల్’లో మరొకటి

దక్షిణ ఇంగ్లండ్ వాళ్లు ‘లీఫ్’ అన్నప్పుడు వినిపించే లకారం మన ‘లేత’లోని లాంటిదే. నాలుక కొన పైపళ్ల వెనక చిగురుకు ఆనుతుంది, వెనక భాగం కిందే ఉంటుంది. ఇది తేట లకారం. ‘ఫీల్’లోనూ కొన అక్కడికే వెళ్తుంది కానీ, నాలుక వెనక భాగం మెత్తని అంగిలి వైపు లేస్తుంది. అందుకే చివర్లో ‘ఉ’ ఛాయ. ఇది ముదురు లకారం. మన ‘ళ’ కాదు సుమా, దానికి కొన వెనక్కి మడవాలి.

‘ఫీల్ ఇట్’ అంటే వెంటనే అచ్చు వచ్చింది కనుక మళ్లీ తేటపడుతుంది. లండన్‌లో చాలామంది కొనను తాకించనే తాకించరు. వాళ్ల ‘మిల్క్’ దాదాపు ‘మివుక్’.

పలికి చూడాలంటే, ‘ఉ’ అంటూనే నాలుక కొనను చిగురుకు ఆనించండి.