సిరిలిక్ లిపిలో తెలిసిన ముఖాలు, తెలియని గొంతులు

1961లో అంతరిక్షంలోకి వెళ్ళిన యూరీ గగారిన్ ఛాయాచిత్రంలో శిరస్త్రాణం మీద నాలుగు ఎర్రని అక్షరాలు కనిపిస్తాయి: СССР. ఇంగ్లీషు అలవాటైన కన్ను దీన్ని తడుముకోకుండా ‘సీసీసీపీ’ అని చదువుతుంది. నిజానికి అక్కడ ఒక్క ‘సీ’ గానీ, ‘పీ’ గానీ లేదు. మొదటి మూడూ ‘స’కారాలు, చివరిది ‘ర’కారం. సోవియట్ యూనియన్ పూర్తి పేరులోని నాలుగు మాటల తొలి అక్షరాలవి. రష్యన్లు ‘ఎస్ ఎస్ ఎస్ ఎర్’ అంటారు.

సిరిలిక్ లిపి నేర్వబోయేవారు సాధారణంగా Ж, Щ, Ы వంటి వింత ఆకారాలను చూసి జంకుతారు. అవి నిజానికి ఇబ్బంది పెట్టవు. కొత్త ఆకారానికి కొత్త ధ్వనిని జత చేసుకోవడం తెలుగు ఓనమాలు దిద్దినవారికి పెద్ద పని కాదు. చిక్కంతా ముందే తెలుసనిపించే అక్షరాలతోనే. అవెన్నో లెక్క తేల్చుకోవడానికి రష్యా కార్ల నంబరు పలకలను చూస్తే చాలు. విదేశాల్లోనూ చదవడానికి వీలుగా, లాటిన్ పెద్దక్షరాలను పోలిన పన్నెండు అక్షరాలనే వాటిపై వాడతారు: А, В, Е, К, М, Н, О, Р, С, Т, У, Х. వీటిలో А, Е, К, М, О, Т అనే ఆరు దాదాపు నమ్మదగినవే. Е మాత్రం ‘యె’ వైపు మొగ్గుతుంది. Т ఇంగ్లీషువారి ‘ట’ కాదు, మన ‘త’. తక్కిన ఆరే మోసగిస్తాయి. В అంటే ‘వ’, Н అంటే ‘న’, Р అంటే ‘ర’, С అంటే ‘స’, У అంటే ‘ఉ’. ఇక Х అనేది ఉర్దూ ‘ఖుషీ’, ‘ఖబర్’లలో గొంతు లోపల ఒరుసుకుంటూ పలికే ‘ఖ’.

ఒక మాటను అక్షరం వెంట అక్షరంగా చదివి చూడవచ్చు. మాస్కో వీధిలో ఒక భోజనశాల మీద РЕСТОРАН అని ఉంటుంది. లాటిన్ కంటికి అది ‘పెక్టోపా’ అనే అర్థంలేని మాట. ఇప్పుడు Р చోట ర, Е చోట యె, С చోట స, Т చోట త, О చోట ఒ, మళ్ళీ ర, అ, చివర Н చోట న పెడితే ‘రెస్తొరాన్’ వస్తుంది. మరి వివరణ అక్కరలేదు. రష్యన్‌లో ఊనిక పడని О ‘అ’గా మారుతుంది కనుక వినిపించేది ఇంచుమించు ‘రిస్తరాన్’. కానీ ఆ సంగతి తెలియకపోయినా భోజనం దొరుకుతుంది. МОСКВА అనే ఊరి పేరు కూడా పూర్తిగా ఈ పన్నెండు అక్షరాలతోనే తయారైంది. అందులో మోసగించేవి С, В రెండే. వాటిని సరిదిద్దుకుంటే ‘మొస్క్వా’, ఊనిక చివర పడటం వల్ల పలుకుబడిలో ‘మస్క్వా’.

ఈ ఆరు అక్షరాలను బట్టీ పట్టవచ్చు. అయితే అవి ఇలా ఎందుకయ్యాయో తెలిస్తే మరచిపోవడం కష్టం. మనిషిని పోలిన మనుషులుంటారని మనవాళ్ళంటారు. ఈ ఆరింటిలో మూడు అలాంటి పోలికలే, మిగిలిన మూడూ నిజమైన దాయాదులు.

లాటిన్, సిరిలిక్ రెండూ గ్రీకు నుంచే పుట్టాయి. కానీ ఒకే గ్రీకు నుంచి కాదు. లాటిన్ లిపికి మూలం క్రీస్తుకు పూర్వం ఇటలీకి చేరిన పశ్చిమ గ్రీకు వర్ణమాల. అది ఎట్రస్కన్ల చేతుల మీదుగా రోమన్లకు అందింది. సిరిలిక్ అంతకు వెయ్యేళ్ళకు పైగా గడిచాక, 9వ శతాబ్ది చివరా 10వ శతాబ్ది మొదటా బల్గేరియాలో, నాటి బైజాంటియన్ గ్రీకు లిపి ఆధారంగా రూపుదిద్దుకుంది. లిపికి సిరిల్ పేరు ఉన్నా, ఆయన కూర్చిన లిపి గ్లగోలిటిక్ అనే వేరొకటి. సిరిలిక్ ఆయన శిష్యుల తరానిదని పండితుల అభిప్రాయం. ఈ వెయ్యేళ్ళ ఎడంలో గ్రీకు ఉచ్చారణ మారిపోయింది. ఒకప్పుడు ‘బ’గా పలికిన బీటా బైజాంటియన్ కాలానికి ‘వ’ అయింది. రోమన్లు పాత ధ్వనితో తీసుకుంటే B, స్లావులు కొత్త ధ్వనితో తీసుకుంటే В. ‘బ’ కోసం స్లావులు Б అనే మరో అక్షరాన్ని కల్పించుకోవలసి వచ్చింది. Х కథ కూడా ఇటువంటిదే. పశ్చిమ గ్రీకులో ఆ గుర్తు ‘క్స’, తూర్పు గ్రీకులో ‘ఖ’. У మూలం ఉప్సిలాన్ అనే గ్రీకు అచ్చు. లాటిన్ Y కూడా దాని బిడ్డే. ఈ మూడూ దాయాదులు.

తక్కిన మూడింటికి చుట్టరికం లేదు. Р అనేది గ్రీకు ‘రో’. లాటిన్‌లో దాని అసలు వారసుడు R. రోమన్లు తమ ‘ప’ను P ఆకారంలోకి వంచడంతో, రెండూ కలిసిపోకుండా ‘రో’కు ఒక కాలు తగిలించారు. స్లావులకు ఆ అవసరం రాలేదు, వారి ‘ప’ గ్రీకు రూపంలోనే П గా మిగిలింది. С బైజాంటియన్ లేఖకులు నెలవంకలా రాసిన సిగ్మా. లాటిన్ C మూలం గామా. అన్నిటికంటే ఆసక్తికరమైనది Н. పాత వ్రాతప్రతుల్లో ‘న’ అచ్చంగా N లా, ‘ఇ’ అచ్చంగా H లా ఉండేవి. శతాబ్దాలు గడిచేకొద్దీ ‘న’లోని ఏటవాలు గీత అడ్డంగా వాలింది, ‘ఇ’లోని అడ్డగీత ఏటవాలుగా లేచింది. అలా ఒకటి Н, మరొకటి И అయ్యాయి. И తిరగబడిన N కాదు, Н అసలు H కానే కాదు. ఆ పైన 1708లో పీటర్ చక్రవర్తి ప్రవేశపెట్టిన కొత్త అచ్చు అక్షరాలు నాటి పశ్చిమ ఐరోపా ముద్రణ తీరుకు దగ్గరగా చెక్కబడి, ఈ పోలికను మరింత గట్టిపరిచాయి.

మాటలో ఒక్క Д, Ж లేదా Я ఉన్నా కన్ను హెచ్చరిక అందుకుంటుంది. హెచ్చరిక లేని మాటలే ప్రమాదం. రష్యాలో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థుల సంఖ్య తక్కువేమీ కాదు. రోగి వివరాల పత్రంలో వారికి РОСТ, ВЕС అనే గళ్ళు ఎదురవుతాయి. మొదటిది ‘రోస్త్’, అంటే ఎత్తు. రెండోది ‘వ్యేస్’, అంటే బరువు. రెండూ లాటిన్ మాటల్లా నటిస్తాయి, రెండింటిలోనూ ఒక్క తెలియని ఆకారమూ లేదు. ఇటువంటి చోట పత్రంలోని పక్క మాటలను చూడటమే ఉపాయం. ఎక్కడో ఒకచోట И గానీ, Л గానీ కనబడి ఇది ఏ లిపో చెబుతుంది.

మనిషి కన్ను మోసపోయినా యంత్రం మోసపోదు. యూనికోడ్‌లో లాటిన్ B సంకేతం U+0042, సిరిలిక్ В సంకేతం U+0412. ఇంగ్లీషు కీబోర్డుతో MOCKBA అని టైపు చేస్తే తెరపై సరిగ్గానే కనబడుతుంది. కానీ కంప్యూటర్‌కు అది వేరే మాట. రష్యన్ దస్తావేజులో వెతికితే దొరకదు. వెబ్ చిరునామాల్లో ఈ పోలికను మోసగాళ్ళూ వాడుకుంటారు. అనుమానం వస్తే ఆ అక్షరాన్ని చిన్నక్షరంగా మార్చి చూడవచ్చు. లాటిన్ B చిన్నదైతే b, సిరిలిక్ В చిన్నదైతే в. H, Н విషయంలోనూ అంతే, h వేరు, н వేరు. P, C, X, Y లకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. వాటి చిన్నరూపాలు కూడా కవలలే.

తెలుగువారి పేర్లు ఈ లిపిలోకి వెళ్ళినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. రావు అనే ఇంటిపేరు Рао, విశాఖపట్నం Вишакхапатнам. రష్యన్‌లో మన ‘హ’కు సరిజోడు లేదు, దాని చోట ఇప్పుడు ఎక్కువగా Х వాడతారు. కాబట్టి హైదరాబాదు Хайдарабад అవుతుంది. అలవాటు కొద్దీ మొదట Н పెడితే రష్యన్ గుమాస్తా దాన్ని ‘నైదరాబాద్’ అని చదువుతాడు.