పాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు

సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ హాస్టల్ నుంచి ఖమ్మం బయల్దేరిన ఇంజనీరింగ్ కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. కంప్యూటర్ వదిలి ఉండలేడు. బస్సులో మానిటర్ మోసుకెళ్ళడం కష్టమని సీపీయూ డబ్బా ఒక్కటే దుప్పట్లో చుట్టి పట్టుకెళ్ళాడు. ఇంటి హాల్లో పాత ఎల్‌ఈడీ టీవీ ఉందిగా, దానికి తగిలిస్తే సరిపోతుందనుకున్నాడు. తగిలించాడు. విండోస్ చక్కగా వచ్చింది. కౌంటర్-స్ట్రైక్ 2 మీద రెండుసార్లు నొక్కగానే టీవీ నల్లబడింది. సంగీతం మాత్రం వస్తోంది. మౌస్ కదిపితే బటన్ల చప్పుడూ వినిపిస్తోంది.

అక్కణ్ణుంచి సలహాల వర్షం మొదలవుతుంది. గ్రాఫిక్స్ కార్డు బస్సు కుదుపులకు పోయిందని ఒకరు, విండోస్ మళ్ళీ ఎక్కించమని ఒకరు, ఆట తీసేసి మళ్ళీ డౌన్‌లోడ్ చేయమని ఇంకొకరు. ఊళ్ళో నెట్‌తో అన్ని గిగాబైట్లు దించుకోవాలంటే పండగ అక్కడే అయిపోతుంది. పైగా అలా చేసినా ఫలితం ఉండకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే ఆ నల్లటి తెర వెనక ఏం జరుగుతోందో చూడాలి.

కంప్యూటర్ టీవీకి బొమ్మను పంపేటప్పుడు రెండు విషయాలు కుదరాలి. బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలు ఉండాలన్నది ఒకటి. దాన్నే రిజల్యూషన్ అంటున్నాం. ఆ బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా వేయాలన్నది రెండోది. అది రిఫ్రెష్ రేటు, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. మామూలు టీవీ 1920 చుక్కల అడ్డం, 1080 చుక్కల నిలువు బొమ్మను సెకనుకు 60 సార్లు వేస్తుంది. హాస్టల్లోని గేమింగ్ మానిటర్ 144 సార్లు వేయగలదు. మనవాడు ఆటలో 1280 బై 960 పెట్టుకున్నాడు. పాత టీవీల్లాంటి నాలుగుకు మూడు కొలత అది. దాన్ని తెర నిండా సాగదీస్తే ఎదుటి ఆటగాడు కాస్త లావుగా కనిపిస్తాడని, గురి పెట్టడం సులువని కౌంటర్-స్ట్రైక్ ఆడేవాళ్ళలో ఒక నమ్మకం. నమ్మకమెంత నిజమోగాని, అలవాటు మాత్రం నిజం.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. 1280 బై 960 అంటే 1920 బై 1080 కన్నా చిన్నదేగా, పెద్ద బొమ్మ చూపించే టీవీ చిన్న బొమ్మ చూపించలేదా అంటారు. లెక్క వేసి చూడండి. టీవీ మామూలుగా వేసే బొమ్మలో సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు. మనవాడు అడిగిన చిన్న బొమ్మను 144తో గుణిస్తే 17 కోట్ల 69 లక్షలు. బొమ్మ చిన్నదే, దాని పరుగే ఆ టీవీకి అందనిది. అసలు భారం మాట అటుంచినా, 144 హెర్ట్జ్ అన్న వేగమే దానికి చేతకాదు. చేతకాని సంకేతం వస్తే టీవీ ఏం చేస్తుంది? 'మోడ్ నాట్ సపోర్టెడ్' అనో, 'అవుట్ ఆఫ్ రేంజ్' అనో, 'నో సిగ్నల్' అనో చిన్న పెట్టె చూపిస్తుంది. కొన్ని టీవీలు అదీ లేకుండా నల్లగా కూర్చుంటాయి.

అయితే టీవీ తన శక్తి ఎంతో కంప్యూటర్‌కు ముందే చెప్పదా? చెబుతుంది. ప్రతి మానిటర్‌లో, టీవీలో ఒక చిన్న చిప్ ఉంటుంది. అందులో 128 బైట్ల పరిచయ పత్రం లాంటిది ఉంటుంది. కొత్త వాటిలో దానికి అనుబంధాలూ ఉంటాయి. ఈడీఐడీ అని పిలిచే ఈ పద్ధతి 1994 నుంచి ఉంది. కేబుల్ తగిలించగానే గ్రాఫిక్స్ కార్డు దాన్ని చదువుకుని, ఈ తెరకు ఏ కొలతలు చెల్లుతాయో జాబితా రాసుకుంటుంది. జాబితాలో లేనిది ఆట అడిగితే చాలాసార్లు విండోస్ దగ్గరి కొలతకు మార్చి గండం గట్టెక్కిస్తుంది. మధ్యలో చౌకరకం హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టరో, స్ప్లిటరో ఉండి ఆ పత్రాన్ని సరిగా అందించకపోయినా, టీవీ తన గురించి తానే కొంచెం ఎక్కువ చెప్పుకున్నా, డ్రైవర్‌లో సొంతంగా తయారుచేసుకున్న కొలతలు ఉన్నా లెక్క తప్పుతుంది. మనవాడి టీవీ పాతదని, వెనక కన్వర్టర్ ఒకటి వేలాడుతోందని కూడా ఊహించుకుందాం.

విండోస్‌లో మనం చేత్తో రిజల్యూషన్ మారిస్తే, ఈ మార్పు ఉంచమంటారా అని అడిగి, 15 సెకన్లలో జవాబు రాకపోతే పాతదానికి వెళ్ళిపోతుంది. తెర కనబడకపోయినా ప్రమాదం లేదు. ఆట అలా అడగదు. నెలల కిందట హాస్టల్లో, వేరే మానిటర్ ముందు మీరు సరే అన్నారు, ఆ మాట ఒక ఫైల్లో రాసుకుంది. ప్రతిసారీ తెరుచుకునేటప్పుడు ఆ ఫైలు చదివి అదే కొలత అడుగుతుంది. మెనూలోకి వెళ్ళి మార్చుకుందామంటే మెనూ కనబడాలి కదా. ఇంట్లో తాళంచెవి పెట్టి తలుపు వేసుకున్నట్టే. కాబట్టి బయటినుంచే ఆ ఫైలు సంగతి చూడాలి.

ముందుగా రోగం ఇదేనని తేల్చుకోవాలి. నల్ల తెర మీద ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కండి, లేదా ఆల్ట్, ఎఫ్4 నొక్కి ఆట మూసేయండి. డెస్క్‌టాప్ తిరిగొచ్చిందంటే కార్డు, కేబుల్, టీవీ మూడూ క్షేమం. చప్పుడు వస్తూ, టీవీ నుంచి 'సపోర్టెడ్' కాదన్న పెట్టె కూడా కనబడితే అనుమానమే అక్కర్లేదు. అలాకాక, టీవీ ఏ పెట్టే చూపించకుండా వెనక వెలుతురుతో బూడిద నలుపులో ఉందనుకోండి. అప్పుడు సంకేతం అందుతోంది, అందులో ఉన్న బొమ్మే నలుపు కావచ్చు. అది డ్రైవర్ తంటా కావచ్చు, ఆట మీద తేలే వేరే ప్రోగ్రాం చేసే అల్లరి కావచ్చు. చప్పుడు కూడా లేకపోతే, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం వెలిగి ఆరకపోతే, కంప్యూటరే బిగుసుకుపోయింది. ఆ రెండింటికీ ఇప్పుడు చెప్పబోయే మందు పనిచేయదు.

మొదటి పని, ఆట పూర్తిగా మూసేయడం. ఇది చాదస్తంగా చెబుతున్నది కాదు. చాలా ఆటలు మూతపడేటప్పుడు తమ అమరికలను మళ్ళీ ఫైల్లో రాస్తాయి. ఆట వెనక నడుస్తుండగా మీరు ఫైలు దిద్దితే, మూతపడేటప్పుడు మీ దిద్దుబాటును తుడిచి పాతదే రాసేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి `cs2.exe` లేదని చూసుకోవడం మేలు.

తర్వాత ఫైలు వెతకాలి. స్టీమ్‌ను మామూలు చోటే ఎక్కించి ఉంటే దారి ఇది:

```
C:\Program Files (x86)\Steam\userdata\<number>\730\local\cfg\cs2_video.txt
```

`<number>` ఉన్నచోట మీ ఖాతా సంఖ్య ఉంటుంది. ఆ కంప్యూటర్లో తమ్ముడో, స్నేహితుడో కూడా లాగిన్ అయి ఉంటే అక్కడ రెండు మూడు సంఖ్యల ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫైలు చివరిసారి మారిన తేదీ చూస్తే మీది ఏదో తెలిసిపోతుంది. 730 అన్నది స్టీమ్‌లో కౌంటర్-స్ట్రైక్‌కు ఇచ్చిన సంఖ్య. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పొడుగాటి జాబితా మధ్య మనకు కావలసిన వరుసలు ఇలా ఉంటాయి:

```
"setting.defaultres"              "1280"
"setting.defaultresheight"        "960"
"setting.refreshrate_numerator"   "144"
"setting.refreshrate_denominator" "1"
"setting.fullscreen"              "1"
```

మొదటి రెండూ అడ్డం, నిలువు. రిఫ్రెష్ రేటుకు రెండు వరుసలు ఎందుకంటే దాన్ని భిన్నంగా రాస్తారు. 59.94 లాంటి వేగాలు కూడా ఉన్నాయి, వాటిని పూర్ణాంకంలో రాయలేం. చివరిది తెరనిండా ఆడాలా వద్దా అన్నది.

ఈ అంకెలను చేత్తో దిద్దవచ్చు. నేనైతే ఆ జోలికి పోవద్దంటాను. ఒక కోట్ గుర్తు జారిపోయినా ఫైలు చెడుతుంది. అంతకన్నా ఫైలు పేరే `cs2_video.old` అని మార్చేయడం సుఖం. ఆట మళ్ళీ తెరిచినప్పుడు తన ఫైలు కనబడక, తెరను కొత్తగా పరిశీలించి, కొత్త ఫైలు తానే రాసుకుంటుంది. తుడిచేయకుండా పేరు మార్చమనడానికి కారణం ఉంది, దానికి మళ్ళీ వస్తాను. విండోస్ ఫైలు పేరు చివరి తోకను దాచిపెట్టే అలవాటు ఉన్నది. అది కనబడేలా పెట్టుకోకపోతే మీరు మార్చిన పేరు `cs2_video.old.txt` అవుతుంది. మన పనికి అదీ నష్టం లేదు, అసలు పేరు మారడమే కావాలి.

పోయేదేమిటి? బొమ్మ నాణ్యతకు సంబంధించిన అమరికలు మాత్రమే. మీటల కేటాయింపులు, గురి గుర్తు వేరే ఫైళ్ళలో ఉంటాయి. ర్యాంకు కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, దానికి ఈ ఫైలుతో సంబంధమే లేదు.

ఇంత చేసినా నలుపే వస్తే స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లాంచ్ ఆప్షన్స్ గడి చూడండి. ఎప్పుడో ఎవరో చెబితే అక్కడ రాసుకున్న కొలతలో, వేగమో ఉంటే తుడిచేయండి. ఫైలు కొత్తదైనా ఆ గడి పాత పాటే పాడుతుంది. ఇంకొన్ని ఆటలు తమ అమరికలను క్లౌడ్‌లో దాచుకుంటాయి. వాటిలో మీరు తీసేసిన చెడ్డ ఫైలు తెల్లారేసరికి ఆకాశం నుంచి దిగొస్తుంది. అలాంటప్పుడు ఆ ఆటకు క్లౌడ్‌ను ఆపి, ఫైలు సరిచేసి, మళ్ళీ తెరవాలి. ఆట తీసేసి మళ్ళీ ఎక్కించినా లాభం ఉండకపోవచ్చని మొదట అన్నది అందుకే. అమరికల ఫైలు చాలావరకు ఆట ఉన్న ఫోల్డర్‌లో ఉండదు. ఆట పోయినా అది మిగిలి ఉంటుంది.

ఇదే ఇబ్బంది మిగతా ఆటల్లోనూ వస్తుంది, ఫైలు పేరే వేరు. అన్‌రియల్ ఇంజిన్ మీద కట్టిన చాలా ఆటలకు `GameUserSettings.ini`, స్కైరిమ్‌కు `SkyrimPrefs.ini`. మన నెట్ సెంటర్ల తరం మరిచిపోలేని వైస్ సిటీ 2003లో కంప్యూటర్లకు వచ్చింది. దాని అమరికలు డాక్యుమెంట్స్‌లోని `GTA Vice City User Files` ఫోల్డర్‌లో `gta_vc.set` అన్న ఫైల్లో ఉంటాయి. ఆ ఒక్క ఫైలే తీయండి. మీరు సేవ్ చేసుకున్న ఆట కూడా అదే ఫోల్డర్‌లో ఉంటుంది. తొందరపడి ఫోల్డర్ మొత్తం తుడిచేస్తే మాలిబూ క్లబ్బు కొనుక్కున్నదాకా ఆడిందంతా గంగలో కలుస్తుంది.

మన ఖమ్మం కుర్రాడి ఆట మాత్రం 1920 బై 1080, 60 హెర్ట్జ్‌తో టీవీలో వచ్చేసింది. పండగయ్యాక హాస్టల్‌కు వెళ్ళి మానిటర్‌కు తగిలిస్తే ఇంకో చిక్కు. అక్కడ తెర నల్లబడదు, ఆట మాత్రం ఎందుకో బద్ధకంగా కదులుతుంది. టీవీ కోసం రాసిన 60 ఫైల్లో అలాగే ఉండిపోవడమే కారణం. ఆట మూసి, అది కొత్తగా రాసుకున్న `cs2_video.txt`ను తీసేసి, దాచిన `cs2_video.old`కు పాత పేరు పెట్టేస్తే 144 తిరిగొస్తుంది. ఏటా ఇలా తిరిగేవాళ్ళయితే, ఊరికి బయల్దేరే ముందే ఆటలోని వీడియో అమరికల్లో ఫుల్‌స్క్రీన్ విండోడ్ ఎంచుకోండి. అప్పుడు ఆట తెర కొలతను తాను మార్చదు, విండోస్ అప్పటికే పెట్టుకున్న దానిలోనే నడుస్తుంది. సాగదీసిన బొమ్మ మాత్రం అందులో రాదు.