ఉందని తేలింది, ఏదో తేలలేదు

ఒక కరణీయ సంఖ్యకు మరో కరణీయ సంఖ్యను ఘాతంగా వేస్తే జవాబు అకరణీయ సంఖ్య అవుతుందా? పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగినవి అకరణీయాలు, రాయలేనివి కరణీయాలు అని బడిలో చదువుకున్నదే. √2 కరణీయ సంఖ్య. దాన్ని దశాంశాల్లో రాయబోతే అంకెలకు అంతం ఉండదు, ఒక వరస మళ్లీ మళ్లీ రావడమూ ఉండదు. ఇలాంటివి రెండు కలిస్తే చిక్కు పెరుగుతుందే తప్ప విడిపోతుందని ఎవరూ అనుకోరు.

అయినా అలాంటి జతలు ఉన్నాయి. 1953లో డోవ్ జార్డెన్ ‘స్క్రిప్టా మాథమాటికా’ పత్రికలో ఇచ్చిన నిరూపణ రెండు మూడు వాక్యాల్లో ముగుస్తుంది. ముందుగా (√2)^√2 అనే సంఖ్యను తీసుకోవాలి. అది అకరణీయమైతే పని అక్కడితో అయిపోయింది: √2, √2 అన్నదే మనకు కావలసిన జత. అది కరణీయమైతే దానికే మళ్లీ √2ను ఘాతంగా వేయాలి. రెండు ఘాతాలూ గుణించుకుంటాయి, √2 × √2 అంటే 2 కాబట్టి మిగిలేది (√2)^2, అంటే 2. ఇది అకరణీయం. ఎటు చూసినా జత దొరికింది.

తర్కంలో ఎక్కడా తప్పు లేదు. కానీ ఆ జత ఏదో చెప్పమంటే ఈ నిరూపణ చెప్పలేదు. రెండు జతల్లో ఒకటి సరైనదని మాత్రమే అంటుంది. కాలిక్యులేటర్ కూడా ఈ తగవు తీర్చలేదు. (√2)^√2 విలువ 1.6325269… అని చూపిస్తుంది. ఎన్ని స్థానాలు చూసినా, అక్కడిదాకా అవే అంకెలున్న భిన్నాలూ ఉంటాయి, కరణీయాలూ ఉంటాయి.

ఉనికిని రుజువు చేసి వస్తువును చేతికివ్వని ఇలాంటి వాదాన్ని నిర్మాణేతర నిరూపణ అంటారు. ‘ఒక మాట నిజమైనా కావాలి, దాని నిషేధమైనా నిజం కావాలి’ అన్న సూత్రమే ఇక్కడ భారమంతా మోస్తోంది. డచ్ గణితజ్ఞుడు బ్రౌవర్ 1908లోనే ఆ సూత్రాన్ని ప్రశ్నించాడు. ‘ఇది గానీ అది గానీ’ అనాలంటే రెండింటిలో ఏది నిజమో చూపించే దారి ఉండాలన్నది ఆయన పక్షం.

మరి అసలు జత ఏది? ఇందుకు చాలా లోతైన గణితం కావలసి వచ్చింది. హిల్బర్ట్ 1900లో ప్రకటించిన సమస్యల్లో ఏడోది 2^√2 వంటి సంఖ్యల స్వభావం గురించి. 1930లో కుజ్మిన్ అది కరణీయమని తేల్చాడు. 1934లో గెల్ఫాండ్, ష్నైడర్ విడివిడిగా ఇంకా విస్తృతమైన సిద్ధాంతాన్ని నిరూపించారు. (√2)^√2ను వర్గం చేస్తే వచ్చేది 2^√2యే. మొదటిది భిన్నమైతే దాని వర్గం కూడా భిన్నమే కావాలి, కానీ కాదు. కాబట్టి జార్డెన్ వాదంలో రెండో దారే నిజం.

ఇంత దూరం వెళ్లకుండానే జతను చేతికిచ్చే నిర్మాణాత్మక నిరూపణ ఒకటుంది, అదీ బడి లెక్కలతోనే. √2కు, భూమి 2గా 9 యొక్క సంవర్గమానాన్ని, అంటే log₂9ను ఘాతంగా వేయాలి. 2కు log₂9 ఘాతం వేస్తే 9 వస్తుంది, √2 కాబట్టి అందులో వర్గమూలం, అంటే 3. ఇక log₂9 కరణీయమని చూపితే చాలు. అది m/n అయితే 2^m, 9^n సమానం కావాలి. మొదటిది సరిసంఖ్య, రెండోది బేసి. అది కుదరదు.

ఇక్కడ ఒక అపోహ తరచుగా వస్తుంది. ఇదీ విరోధం ద్వారానే కదా, బ్రౌవర్ దీన్ని ఒప్పుకుంటాడా అని. ఒప్పుకుంటాడు. ‘ఇది భిన్నం కాదు’ అనడమంటేనే ‘భిన్నమనుకుంటే విరోధం వస్తుంది’ అని చూపడం. అభ్యంతరమల్లా, లేకపోవడం అసాధ్యమని చూపి, అందుచేత ఉందని చెప్పడం మీదే.

ఇంకా పట్టుబట్టే నిర్మాణవాదులు, log₂9 ప్రతి భిన్నానికీ ఎంత దూరంలో ఉందో కూడా చెప్పమంటారు. దానికీ ఈ వాదంలోనే జవాబుంది. 2^m, 9^n వేర్వేరు పూర్ణసంఖ్యలు కనుక వాటి మధ్య కనీసం 1 తేడా ఉంటుంది, ఆ తేడా నుంచి దూరాన్ని లెక్కగట్టవచ్చు. ఉదాహరణకు 19/6 అనే భిన్నం log₂9కు చాలా దగ్గరది. 2^19 అంటే 5,24,288. 9^6 అంటే 5,31,441. రెండోది పెద్దది కాబట్టి log₂9 విలువ 19/6 కంటే ఎక్కువ. లెక్కిస్తే వాటి మధ్య దూరం సుమారు 0.0033.