ఇక్కడ కట్ అయింది, అక్కడ పడలేదు

ఖమ్మంలో పంక్చర్ షాపు నడిపే ఒకాయన కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఆమె మెస్ ఫీజు కోసం ఆయన యూపీఐలో ₹4,500 పంపాడు. పిన్ నొక్కాక తెర మీద గుండ్రటి గుర్తు చాలాసేపు తిరిగి, చివరికి ‘ప్రాసెసింగ్’ దగ్గర ఆగిపోయింది. ఇంతలో బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఖాతాలోంచి ₹4,500 తగ్గాయని.

కూతురికి ఫోన్ చేస్తే, “నాకు ఏం పడలేదు నాన్నా” అంది.

“ఇక్కడ కట్ అయినయి కదా బిడ్డా! ఇంకోసారి కొట్టనా?”

“వద్దు. రేపటిదాకా ఆగుదాం. నువ్వు మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యకు.”

ఆ పిల్ల చెప్పిన రెండు మాటలూ సరైనవే. ఎందుకు సరైనవో తెలియాలంటే ఆ ₹4,500 ఆ రాత్రి ఎక్కడున్నాయో చూడాలి.

చేతిలో కనిపించే యాప్‌కి డబ్బు ముట్టుకునే పని లేదు. అది కబురు మోసే మనిషి లాంటిది. కబురు యూపీఐని నడిపే జాతీయ చెల్లింపుల సంస్థకు, అంటే ఎన్‌పీసీఐకి చేరుతుంది. ఎన్‌పీసీఐ ముందు తండ్రి బ్యాంకును అడుగుతుంది: ఇంత సొమ్ము తగ్గించగలవా? ఆ బ్యాంకు పిన్ సరిచూసుకుని, తగ్గించి, సరేనంటుంది. ఆ తర్వాతే కూతురి బ్యాంకుకు కబురు వెళ్తుంది: ఈ ఖాతాలో ఇంత జమ చెయ్యి. అంటే తగ్గించడం, జమ చెయ్యడం ఒకేసారి జరిగే పని కాదు. ముందు ఒకటి, వెనుక ఒకటి. మామూలు రోజుల్లో రెండింటి మధ్య కొద్ది సెకన్లే కాబట్టి ఆ సందు మనకు కనిపించదు.

చిక్కంతా ఆ సందులోనే. కూతురి బ్యాంకు ‘జమ చెయ్యలేను’ అని స్పష్టంగా చెప్పేస్తే బాధ లేదు, తండ్రి బ్యాంకు వెంటనే డబ్బు వెనక్కి వేస్తుంది. ఆ బ్యాంకు సర్వర్ అసలు పలకకపోతేనే ఇబ్బంది. జమ చేసి చెప్పడం మరిచిందో, జమే చెయ్యలేదో ఆ క్షణాన ఎవరికీ తెలియదు. డబ్బు వెంటనే వెనక్కి ఇచ్చేస్తే, అవతల కూడా జమై ఉంటే ఒకే సొమ్ము రెండుసార్లు చెల్లినట్టవుతుంది. అందుకే లావాదేవీని పెండింగ్‌లో ఉంచుతారు. బ్యాంకులు లెక్కలు సరిచూసుకున్నాక కూతురి బ్యాంకు ఆ సొమ్మును జమ చెయ్యాలి, లేదా తిప్పి పంపాలి. ఆ రాత్రి ₹4,500 పోలేదు. లెక్కలో ఉన్నాయి, తేలలేదు.

ఇలాంటప్పుడు మళ్లీ పంపితే ఏమవుతుంది? రెండోది వెంటనే చేరవచ్చు, మొదటిది మర్నాడు జమ కావచ్చు. సొంత కూతురు కాబట్టి ఇబ్బంది లేదు గానీ, అవతలివాడు ముక్కూ మొహం తెలియని వ్యాపారి అయితే ఆ రెండో సొమ్ము అడిగి తెచ్చుకోవడం వేరే తలనొప్పి. మరీ అవసరమైతే, అవతలివాళ్లు తమ ఖాతా తెరిచి చూసుకుని పడలేదని చెప్పాక, అది కూడా వాళ్ల వేరే బ్యాంకు ఖాతాకు పంపడం మేలు. పలకని బ్యాంకుకే మళ్లీ పంపితే అదే చోట ఇరుక్కోవచ్చు.

స్థితి ఏమైందోనని పదే పదే నొక్కడం వల్ల కూడా ఫలితం లేదు. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ తడబడింది. కొన్ని బ్యాంకుల నుంచి ‘ఆ లావాదేవీ ఏమైంది’ అన్న ప్రశ్నలు వరదలా వచ్చిపడటమే కారణమని తర్వాత తేలింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ఒక పెండింగ్ లావాదేవీ స్థితిని యాప్‌లు మూడుసార్లే అడగాలని, ఒక్కోసారికీ కనీసం 90 సెకన్ల ఎడం ఉండాలని ఎన్‌పీసీఐ కట్టడి చేసింది.

మరి ఎన్నాళ్లు ఆగాలి? దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే గడువు పెట్టింది. బ్యాంకు కౌంటర్ల దగ్గర ఈ నిబంధన తెలిసి అడిగేవాళ్లు తక్కువ. ఒక మనిషి మరో మనిషికి పంపిన డబ్బు కట్ అయి అవతల జమ కాకపోతే, పంపిన రోజు కాకుండా మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణంలో చెల్లించినప్పుడు మన ఖాతాలో తగ్గి, దుకాణదారుకు ధ్రువీకరణ రాకపోతే గడువు ఐదు రోజులు. ఇవి క్యాలెండర్ రోజులు. ఆదివారమైనా పండగైనా లెక్కలోకి వస్తాయి. గడువు దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే జమ చెయ్యాలి.

మందుల షాపులోనో కిరాణాలోనో ఇలా జరిగినప్పుడు గొడవ ఎక్కువ. కొన్నవాడు డెబిట్ మెసేజ్ చూపిస్తాడు, షాపతను తన స్పీకర్ మోగలేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మెసేజ్ మొదటి సగం జరిగిందనడానికే సాక్ష్యం, రెండో సగానికి కాదు. అప్పటికి నగదు ఇచ్చేసి, లావాదేవీ వివరాల స్క్రీన్‌షాట్ తీసుకుని, షాపు ఫోన్ నంబరు రాసుకుని రావడం నయం. మూడో రోజు షాపతనికి డబ్బు చేరిందో లేదో అడిగితే చాలాసార్లు విషయం అక్కడే తేలిపోతుంది.

ఒక్క మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ గడువూ పరిహారమూ ఖాతాదారు తప్పు లేకుండా ఆగిపోయిన లావాదేవీలకే. ఒక అంకె తప్పు కొట్టి వేరొకరికి పంపితే ఆ లావాదేవీ విఫలమైనట్టు కాదు, విజయవంతంగా తప్పు మనిషికి చేరినట్టు. దాని దారి వేరు, చాలా కష్టమైన దారి.

ఇక ‘ఎవరికీ ఫోన్ చెయ్యకు’ అని కూతురు ఎందుకందో చూద్దాం. డబ్బు ఇరుక్కుందన్న కంగారులో చాలామంది చేసే పని, ఇంటర్నెట్‌లో ఆ యాప్ కస్టమర్ కేర్ నంబరు వెతకడం. అక్కడ కనిపించే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి ఉంటాయి. ఫోనెత్తినవాడు మర్యాదగా మాట్లాడతాడు, ‘రిఫండ్ పంపుతున్నాను, పిన్ నొక్కి తీసుకోండి’ అంటాడు. లేదా తెర కనిపించే యాప్ ఒకటి వేసుకోమంటాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ అడిగారంటే ఖాతాలోంచి తీస్తున్నారనే అర్థం.

ఇంకో పద్ధతి దీనికంటే లోతైనది. మోసగాడు అర్థం కాని అక్షరాల మెసేజ్ ఒకటి పంపి, ‘దీన్ని ఈ నంబరుకు ఫార్వర్డ్ చెయ్యండి, ఫిర్యాదు నమోదవుతుంది’ అంటాడు. ఈ వల అర్థం కావాలంటే ఖాతా యాప్‌కి ఎలా జత అవుతుందో తెలియాలి.

పంక్చర్ షాపాయన ఫోన్‌లో యాప్ పెట్టింది కూతురే, దసరా సెలవుల్లో. మొదట ఎంతకీ కుదరలేదు. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఇంట్లో భార్య వాడే కీప్యాడ్ ఫోన్‌లో ఉంది, స్మార్ట్‌ఫోన్‌లో ఉన్నది వేరే నంబరు. యాప్ ‘ఈ నంబరుతో ఖాతా దొరకలేదు’ అంటూనే ఉంది. ఆ సిమ్ తెచ్చి స్మార్ట్‌ఫోన్ రెండో స్లాట్‌లో వేసి, యాప్ అడిగినప్పుడు ఆ సిమ్మే ఎంచుకున్నాక పని జరిగింది. అప్పుడు ఫోన్ తనంతట తానే ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపింది. చూడటానికి అర్థం లేని అక్షరాల వరుస. ‘ఈ నంబరు సిమ్ ఈ ఫోన్‌లోనే ఉంది’ అని రుజువు చేసేది అదే. సిమ్‌లో రీఛార్జి లేకపోతే ఆ మెసేజ్ వెళ్లదు, జత కుదరదు.

మోసగాడు ఫార్వర్డ్ చెయ్యమనేది సరిగ్గా ఆ మెసేజ్‌నే. అది అతని ఫోన్‌లోని యాప్ తయారు చేసింది. మన నంబరు నుంచి వెళ్లిందంటే, మన నంబరు అతని ఫోన్‌లో ఉన్నట్టు నమోదవుతుంది. ఇక మిగిలేది పిన్ ఒక్కటే. కొత్త పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, బ్యాంకు పంపే ఓటీపీ కావాలి. తర్వాతి ఫోన్లో అతను వరసగా అడిగేవి అవే. అందుకే జత చేసేటప్పుడు మెసేజ్ ఫోన్ తనకు తానే పంపాలి, చేత్తో టైపు చేసి గానీ ఫార్వర్డ్ చేసి గానీ ఎవరికీ పంపకూడదు.

ఆ దసరాకు కూతురు ఇంకో మంచి పని చేసింది. చీటీ డబ్బులు, లోను కిస్తీలు ఉండే ఖాతాను జత చెయ్యలేదు. షాపు రోజువారీ డబ్బులు పడే చిన్న ఖాతానే జత చేసింది. ఏదైనా తేడా వచ్చినా పోయేది ఆ చిన్న ఖాతాలో ఉన్నంతే.

మళ్లీ ఆ ₹4,500 దగ్గరికి వద్దాం. మంగళవారం రాత్రికి కూడా డబ్బు రాలేదు, గడువు దాటింది. బుధవారం పొద్దున ఆయన యాప్‌లో ఆ లావాదేవీని తెరిచి, అందులోనే ఉన్న సహాయం మీట నొక్కి ఫిర్యాదు పెట్టాడు. అక్కడ కనిపించిన 12 అంకెల రిఫరెన్సు నంబరును షాపు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. ఆ నంబరు లేకుండా బ్యాంకులో ఎవరూ ఏమీ వెతకలేరు. ఉంటే రెండు బ్యాంకుల లెక్కల్లోనూ ఆ ఒక్క లావాదేవీ దొరుకుతుంది.

శుక్రవారం సాయంత్రం ₹4,500 తిరిగొచ్చాయి. బుధ, గురు, శుక్రవారాలకు రావాల్సిన ₹300 మాత్రం రాలేదు. శనివారం ఆయన తన బ్రాంచికి వెళ్లాడు. పంపిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, 12 అంకెల నంబరు, మూడు రోజుల లెక్క ఒక కాగితం మీద రాసిచ్చి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకున్నాడు. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఎలా చెయ్యాలో 14448 నంబరులో చెబుతారు. అదే మోసగాడి చేతిలో పడి డబ్బు పోయి ఉంటే ఈ వరస పనికిరాదు. క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ సొమ్ము ఇంకో ఖాతాకు దాటక ముందే ఆపించాలి.

పంక్చర్ షాపాయనకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లే పని పడలేదు. రెండో వారంలో పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే ₹300 విడిగా ఒక వరుసలో జమై కనిపించాయి. ఆ తర్వాతే గోడ మీది 12 అంకెలు తుడిచాడు.