డిశ్చార్జి షీటులో రెండు సమయాలు

ఆసుపత్రి సూపరింటెండెంట్ వార్డు సిబ్బందికి పంపే ఇలాంటి నోటీసులో అసలు సంగతి రెండు గడులు: డాక్టరు డిశ్చార్జి రాసిన సమయం, మంచం ఖాళీ అయిన సమయం. తేదీ ఒక్కటే వేస్తే ఆలస్యం కనిపించదు. ఉదయం రౌండ్స్‌లో 10:20కి డిశ్చార్జి రాసిన రోగి 4:05కి కదిలాడనుకుందాం. దాదాపు ఆరు గంటలు మంచం ఆగిపోయింది. క్యాజువాలిటీలో మరో రోగి స్ట్రెచర్ మీదే ఉండిపోయాడు. అందుకే మూడో గడిలో కారణం అడుగుతారు: బిల్లా, మందులా, తీసుకెళ్లే బంధువులు రాలేదా?

డ్యూటీ దిగేముందు జ్ఞాపకం మీద నింపిన షీటు ఇట్టే దొరికిపోతుంది. అందులో అన్నీ 10:00, 11:30 లాంటి గుండ్రటి అంకెలే. ఏ సమయాన్ని ఆ సమయంలోనే రాయాలన్న షరతు అందుకే.